మోకాలి కింద దిండు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





నేను డాక్టర్‌ను కాదు. హైస్కూల్లో లెక్కలు చెప్పే టీచర్‌ను. మోకాలి మార్పిడి ఆపరేషన్ గురించి మాట్లాడమని నన్ను అడగడానికి కారణం మా అత్తమ్మ. ఆమె కుడి మోకాలు మార్పించిన తర్వాత ఆరు వారాలు మా ఇంట్లో ఏం జరిగిందో ఈ సభలో చాలామందికి తెలుసు. మొదటి రెండు వారాలు మేం తప్పు చేశాం, తర్వాతి నాలుగు వారాలు ఆ తప్పును దిద్దుకున్నాం. ఆ రెండింటి గురించే చెబుతాను.

మా మామయ్య పాత ఇంక్లైన్ గనిలో బొగ్గు నింపిన మనిషి. అత్తమ్మ ముప్పై ఏళ్లు క్వార్టర్ల నల్లా దగ్గర నుంచి నీళ్లు మోసింది, నేల మీద కూర్చుని వంట చేసింది. అరవై ఏడో ఏట మోకాలు అరిగి, విల్లులా వంగి, రాత్రిళ్లు నిద్ర లేకుండా చేసింది. ఆపరేషన్ ఖర్చుకు ఎలాగో దారి దొరికింది. మనలో చాలామందికి దొరుకుతోంది కూడా. కంపెనీ మెడికల్ కార్డు ఉన్నవాళ్లున్నారు, పిల్లలు పెట్టుకుంటున్నారు, మీలాంటివాళ్లు ఇస్తున్నారు. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం కృత్రిమ మోకాలి కీళ్లకు గరిష్ఠ ధర పెట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పుడు నిర్ణయించిన ధర, పన్నులు కాక, 54,720 రూపాయలు. అంటే కీలు ధరకు ఒక హద్దు ఉంది, దాని బిల్లు కూడా వస్తుంది. ఆ తర్వాత ఇంట్లో చేయాల్సిన పనికి మాత్రం బిల్లు లేదు. అందుకే అది ఎవరి లెక్కలోకీ రావడం లేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడే వాకర్ పట్టించి నిలబెట్టారు. నాలుగో రోజు ఇంటికి పంపేటప్పుడు మోకాలు 75 డిగ్రీలు వంగుతోంది, పూర్తిగా చాపడానికి 5 డిగ్రీలు తక్కువ. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో వ్యాయామం గురించి ఇంగ్లిష్‌లో ఒకే ఒక్క మాట ఉంది: కంటిన్యూ ఫిజియోథెరపీ. ఏం కంటిన్యూ చేయాలో, ఎన్నిసార్లు చేయాలో అందులో లేదు. మేం కూడా అడగలేదు.

ఇంటికి రాగానే చూడవచ్చినవాళ్లంతా ఒకే మాట చెప్పారు, కాలు కదిలించొద్దు, విశ్రాంతి ఇవ్వాలి అని. కాలు వాచి ఉంది, నొప్పిగా ఉంది. మోకాలి కింద మెత్తటి దిండు పెడితే అత్తమ్మకు హాయిగా ఉండేది. పగలూ రాత్రీ అలాగే ఉంచాం. పక్క క్వార్టర్ అవ్వ ప్రేమతో ఆముదం కాచి తెచ్చింది, మోకాలి పైనా కిందా మర్దన చేసి వేడి కాపడం పెట్టింది. పదిహేనో రోజు కుట్లు తీయించడానికి వెళ్తే ఆసుపత్రిలో కొలిచారు. 75 వంగిన మోకాలు 65కి తగ్గింది. 5 డిగ్రీలు తక్కువున్న చాపు ఇప్పుడు 15 డిగ్రీలు తక్కువయింది. ఆరు వారాల నాటికి 90 డిగ్రీలు రాకపోతే మళ్లీ మత్తు ఇచ్చి మోకాలిని వంచాల్సి రావచ్చని డాక్టర్ చెప్పారు. అత్తమ్మ ఆటోలో ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ సాయంత్రం ఒక ఫిజియోథెరపిస్టును ఇంటికి పిలిపించాం. అత్తమ్మకు మగవాళ్లు కాలు ముట్టుకోవడం ఇష్టం లేదు. మొదటి రెండు వారాలు ఎవరినీ పిలవకపోవడానికి అది కూడా ఒక కారణం. వెతికి వెతికి ఒక అమ్మాయిని పట్టుకున్నాం. ఆ అమ్మాయి లోపలికి రాగానే చేసిన మొదటి పని మోకాలి కింద దిండు తీసి పక్కన పడేయడం.

ఎందుకో కూడా చెప్పింది. వాచిన కీలులో నీరు చేరుతుంది. మోకాలు కొద్దిగా వంగి, సుమారు 30 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ఆ నీటికి లోపల ఎక్కువ చోటు దొరుకుతుంది, ఒత్తిడి తగ్గుతుంది. అందుకే దిండు పెడితే హాయిగా ఉంటుంది. కానీ ఈ వారాల్లోనే లోపల కొత్త కణజాలం అల్లుకుంటుంది. మోకాలు ఏ భంగిమలో ఎక్కువసేపు ఉంటే దానికి తగ్గట్టే అది బిగుసుకుంటుంది. వంపు తగ్గితే కూర్చోవడానికి, మెట్లకు కష్టం. చాపు తగ్గితే ప్రతి అడుగుకూ కష్టం. చాపలేని మోకాలితో నిలబడాలంటే తొడ ముందు కండరం ఒక్క క్షణం కూడా సేద తీరకుండా పనిచేయాలి. కుర్చీలో సగం కూర్చున్నట్టుగా నిలబడి చూడండి, ఎంతసేపు నిలబడగలరో. అలాంటి మనిషి వంద అడుగులకే అలసిపోతుంది, కుంటుతుంది, నడుం నొప్పి తెచ్చుకుంటుంది.

కాబట్టి దిండు పెట్టాలంటే మడమ కింద, పిక్క కింద పెట్టాలి. మోకాలి కింద ఖాళీగా ఉండాలి. టవల్‌ను గట్టిగా చుట్టి మడమ కింద పెడితే మోకాలు తన బరువుకే నెమ్మదిగా కిందికి దిగుతుంది. మొదట ఐదు నిమిషాలు, తర్వాత పది నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు. నొప్పిగానే ఉంటుంది. అత్తమ్మ ఆ ఐదు నిమిషాలూ తస్బీహ్ తిప్పుతూ గడిపేది.

దీనితో పాటు ఆ అమ్మాయి చెప్పిన వ్యాయామాలు నాలుగే. మొదటిది, పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం. మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి పది ఇరవై సార్లు. పిక్కలో రక్తం నిలవకుండా ఉండటానికి ఇది. రెండోది, కాలు చాపి మోకాలి వెనుక భాగాన్ని మంచానికి అదుముతూ తొడ కండరాన్ని బిగించడం. ఐదు లెక్కపెట్టేదాకా బిగించి వదలాలి, ఒక విడతకు పదిసార్లు. మూడోది, మోకాలు వంచకుండా కాలిని జానెడు పైకెత్తి ఐదు లెక్కపెట్టి దించడం. నాలుగోది వంపు కోసం. మంచం మీద మడమను పిరుదుల వైపు జరపాలి. మడమ కింద ప్లాస్టిక్ కవరు వేస్తే సులువుగా జారుతుంది. తర్వాత కుర్చీలో కూర్చుని ఆపరేషన్ కాలును వంచి, దాని ముందు మంచి కాలును అడ్డంగా ఆనించి మెల్లగా వెనక్కి నెట్టాలి. అక్కడే కాసేపు ఆగాలి. ఇంకొకరు పట్టుకుని ఒక్కసారిగా వంచకూడదు. ఇవన్నీ రోజుకు మూడు విడతలు చేయాలి, డాక్టర్ రాసిన నొప్పి మాత్ర వేసుకున్న అరగంట ముప్పావుగంట తర్వాత. మేం మొదట్లో వ్యాయామం చేసి, నొప్పి వచ్చాక మాత్ర వేసేవాళ్లం. ముందు మాత్ర, తర్వాత వ్యాయామం అనగానే సగం గొడవ తగ్గింది.

ఇక్కడ నా లెక్కల పని మొదలైంది. ఆ అమ్మాయి దగ్గర కోణం కొలిచే పరికరం ఉంది, గోనియోమీటర్ అంటారు. చూస్తే మా స్కూల్లో నల్లబల్ల మీద వాడే కోణమానినికి రెండు చేతులు తగిలించినట్టుంది. నేను స్కూలు కోణమానిని ఇంటికి తెచ్చాను. మధ్య బిందువు మోకాలి బయటి వైపు ఎముక మీద పెట్టాలి. ఒక గీత తుంటి పక్కనున్న ఎముక వైపు, రెండో గీత చీలమండ బయటి ఎముక వైపు పోవాలి. పూర్తిగా చాపితే సున్నా, అక్కడి నుంచి ఎంత వంగితే అన్ని డిగ్రీలు. రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అయినా ఫరవాలేదు, వారం వారం పెరుగుతోందా లేదా అన్నదే ముఖ్యం. ఒక నోటు పుస్తకంలో రెండు గడులు గీశాను, వంపు ఒకటి, చాపు ఒకటి.

మరి ఎన్ని డిగ్రీలు కావాలి? చదునైన నేల మీద నడవడానికి సుమారు 65 నుంచి 70 సరిపోతాయి. మెట్లు ఎక్కడానికి 85 దాకా, దిగడానికి 90 పైన, మామూలు కుర్చీలోంచి లేవడానికి 95 దాకా కావాలి. అందుకే సాధారణంగా రెండు వారాలకు 90, ఆరు వారాలకు 110 దగ్గరికి రావాలని, చాపు మాత్రం మొదటి రెండు మూడు వారాల్లోనే సున్నాకు చేరాలని పెట్టుకుంటారు. ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆపరేషన్‌కు ముందు ఎంత వంగేదన్నదే తర్వాత ఎంత వంగుతుందన్నదాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది. అత్తమ్మకు ముందే 115 దాటి వంగేది కాదు. పక్కింటావిడకు 130 వచ్చిందని ఈమెను తిట్టడం అన్యాయం.

మూడో గడి తర్వాత గీశాను, అది వాపు. దర్జీ టేపుతో మోకాలి చిప్ప మధ్యలో చుట్టుకొలత తీసుకోవడం, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. పదహారో రోజు మంచి మోకాలు 38 సెంటీమీటర్లు, ఆపరేషన్ మోకాలు 44న్నర. వాపుంటే నొప్పి ఒక్కటే కాదు, తొడ కండరం కూడా సరిగా పనిచేయదని ఆ అమ్మాయి చెప్పింది. కీలులో నీరు నిండితే శరీరమే ఆ కండరాన్ని అణచిపెడుతుందట. కాలు ఎత్తమంటే ఎత్తలేకపోవడం బద్ధకం కాదు. వాపు తగ్గించకుండా వ్యాయామం పెంచితే లాభం లేదు.

వాపుకు మూడు పనులు చేశాం. ఐస్ ముక్కలు కవర్లో వేసి, తడి టవల్లో చుట్టి మోకాలికి ఇరువైపులా పదిహేను ఇరవై నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు, ముఖ్యంగా వ్యాయామం తర్వాత పెట్టాం. గుడ్డ లేకుండా ఐస్ పెట్టకూడదు. కుట్ల పక్కన చర్మానికి స్పర్శ తగ్గి ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్లకు ఇంకా తగ్గుతుంది, చర్మం కాలినా తెలియదు. రెండో పని, రోజుకు మూడు నాలుగు సార్లు అరగంటసేపు పడుకుని కాలును గుండె కంటే ఎత్తున పెట్టడం, మళ్లీ చెబుతున్నాను, దిండ్లు పిక్క కింద, మడమ కింద. మూడో పని నడకను పంచుకోవడం, ఒకేసారి ఎక్కువ నడవకుండా ఐదేసి నిమిషాలు పలుమార్లు. ఆముదం, కాపడం పూర్తిగా ఆపేశాం. ఈ వారాల్లో వేడి వాపును పెంచుతుంది, పిక్కను పిసకడం ప్రమాదం.

ఇరవై నాలుగో రోజు బంధువుల పెళ్లి వచ్చింది. అత్తమ్మ బాగుందనుకుని ఫంక్షన్ హాలుకు తీసుకెళ్లాం. నాలుగు గంటలు కుర్చీలో కాళ్లు వేలాడేసి కూర్చుంది, అందరినీ పలకరిస్తూ తిరిగింది. ముందురోజు 82 వంగిన మోకాలు ఆ రాత్రి 72కే ఆగిపోయింది. టేపు 45న్నర చూపించింది. ఇంట్లో అందరికీ భయం, మళ్లీ మొదటికొచ్చామని. ఆ అమ్మాయి ఫోన్‌లోనే అడిగింది, జ్వరం ఉందా, కుట్ల దగ్గర ఎరుపు, చీము ఉన్నాయా, పిక్క నొప్పిగా ఉందా అని. ఏమీ లేవు. అయితే ఇది పని ఎక్కువై వచ్చిన వాపే, రెండు రోజులు నడక సగానికి తగ్గించండి, ఐస్ పెంచండి, చాపే వ్యాయామం మాత్రం ఆపకండి అంది. మూడో రోజుకు టేపు 43కి దిగింది, వంపు తిరిగి వచ్చింది. సాయంత్రం పెరిగి రాత్రి పడుకుంటే తగ్గే వాపు పని వల్ల వచ్చేది. రోజురోజుకూ పెరిగేది, తెల్లారినా తగ్గనిది వేరు.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నలు మీరు కూడా గుర్తుపెట్టుకోండి. పిక్క వాచి, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే నరాల్లో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. జ్వరంతో పాటు కుట్ల దగ్గర ఎరుపు, నీరు కారడం ఉంటే అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు. మెడికల్ షాపులో మాత్ర కొని సరిపెట్టుకోకుండా ఆపరేషన్ చేసిన డాక్టర్‌కే చూపించాలి. రక్తం పలచబడటానికి రాసిన మందును వాళ్లు చెప్పిన చివరి రోజు దాకా మానకూడదు.

ఇక వాకర్. మేం తెచ్చింది బంధువుల ఇంట్లో వాడి మూలన పెట్టింది. మా అత్తమ్మకు అది ఎత్తు ఎక్కువైంది, భుజాలు పైకెత్తుకుని నడిచేది. మనిషి నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు ఎక్కడుంటుందో వాకర్ పిడి అక్కడ ఉండాలి. నాలుగు కాళ్లకున్న బొత్తాలు నొక్కి సరిచేసుకోవచ్చు. కింద రబ్బరు తొడుగులు అరిగితే మార్చాలి, తడి బండల మీద అవే ప్రాణం. నడిచే వరుస, ముందు వాకర్, తర్వాత ఆపరేషన్ కాలు, ఆ తర్వాత మంచి కాలు. మడమ ముందు ఆనాలి. కాలు గడ్డకట్టినట్టు బిగబట్టి ఈడ్చకుండా, ఎత్తేటప్పుడు మోకాలు వంచాలి.

రెండు మూడు వారాలకు వాకర్ నుంచి చేతికర్రకు వస్తారు. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. కుడి మోకాలికి ఆపరేషన్ అయితే కర్ర కూడా కుడి చేత్తోనే పట్టుకుంటారు. ఎడమ చేత్తో పట్టుకోవాలి. మామూలుగా నడిచేటప్పుడు కుడి కాలుతో ఎడమ చెయ్యి ముందుకొస్తుంది కదా, కర్ర కూడా అలాగే ఆపరేషన్ కాలుతో పాటు ముందుకొచ్చి దాని బరువును కొంత తీసుకుంటుంది. అదే వైపు పట్టుకుంటే ఒళ్లంతా ఆ కాలు మీదికే ఒరుగుతుంది. కర్ర ఎప్పుడు వదలాలంటే తేదీ చూసి కాదు, కర్ర లేకుండా కుంటకుండా నడిచినప్పుడు. కుంటుతూ కర్ర వదిలేస్తే ఆ కుంటే అలవాటవుతుంది. మెట్ల దగ్గర వాకర్ వాడకూడదు. ఒక చెయ్యి రెయిలింగ్‌కు, ఒక చెయ్యి కర్రకు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు.

అత్తమ్మ అడిగిన ప్రశ్న ఒకటి మిగిలింది, సజ్దా. మొదటి వారాల్లో మోకాళ్ల మీద కూర్చోవడం లేదు, కుర్చీలోనే నమాజ్. కుర్చీ ఎత్తుగా, చేతులున్నదిగా ఉండాలి. మరుగుదొడ్డిలో కూడా కమోడ్ కుర్చీ కావాలి. ఆ తర్వాత మోకాలు నేలకు ఆనించవచ్చా లేదా అన్నది ఎవరి డాక్టర్‌ను వాళ్లే అడగాలి. అత్తమ్మ ఈ రోజుకీ కుర్చీలోనే చదువుతోంది.

నోటు పుస్తకంలో చివరి వరుసలు చదువుతాను. ఇరవై ఎనిమిదో రోజు వంపు 88, చాపు 6 తక్కువ. ముప్పై ఐదో రోజు వంపు 97, చాపు 4 తక్కువ. నలభై రెండో రోజు వంపు 104, చాపు 2 తక్కువ, టేపు 41. మళ్లీ మత్తు అవసరం రాలేదు. మూడు నెలలకు 112, చాపు పూర్తిగా వచ్చింది. మోకాలు కాస్త వెచ్చగా, కాస్త ఉబ్బుగా ఇంకో మూడు నెలలు ఉంది, అది మామూలేనన్నారు.

దాతలకు ఒక్క మనవి చేసి కూర్చుంటాను. మన సంఘం ఎవరి మోకాలి ఆపరేషన్‌కైనా సాయం చేస్తే, ఆ చెక్కుతో పాటు ఆరు వారాలకు సరిపడా ఫిజియోథెరపిస్టు ఫీజు కూడా రాయండి. ఆడవాళ్లకైతే ఆడమనిషినే పంపే ఏర్పాటు చేయండి, ఆ ఒక్క కారణానికి మా ఇంట్లో రెండు వారాలు పోయాయి. సంఘం ఆఫీసులో నాలుగు వాకర్లు, రెండు కమోడ్ కుర్చీలు, కొన్ని చేతికర్రలు ఉంచితే ఇళ్ల మధ్య తిరుగుతూ ఉంటాయి. ఎత్తు సరిచేసి ఇచ్చే పని నేను చేస్తాను. మా అత్తమ్మ వాకర్‌తోనే మొదలుపెడదాం, ఇవాళ ఆటోలో వెంట తెచ్చాను, తలుపు పక్కన ఉంది. దానికి కొత్త రబ్బర్లు వేయించాను.